ట్యూటరా, బ్యాచ్చా, సొంతంగానా: జర్మన్ బీ2 దాకా నా ఖర్చు, నా తప్పులు

2023 జనవరిలో నా బ్యాంకు ఖాతాలో లక్షా ఇరవై వేలు ఉన్నాయి. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా నాలుగేళ్లు చేసి దాచుకున్న డబ్బు అది. జర్మన్ భాషకు ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లు ఉంటాయి. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు. కొందరిని బీ1తో తీసుకెళ్లి మిగతాది అక్కడ చదివిస్తారు. నేను మాత్రం బీ2 ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్దామనుకున్నాను. ఎందుకంటే అక్కడ డ్యూటీ చేస్తూ భాష చదవడం ఎంత కష్టమో మా సీనియర్లు ఫోన్లలో చెబుతూనే ఉన్నారు.

మొదట ఒక ఏజెన్సీకి వెళ్లాను. భాష ఉచితంగా నేర్పిస్తామన్నారు. ఒప్పందం కాగితం ఇంటికి తెచ్చుకుని నాన్నా నేనూ కూర్చుని చదివాం. మధ్యలో మానేసినా, చెప్పిన గడువులోగా పరీక్ష పాసవకపోయినా శిక్షణ ఖర్చంతా తిరిగి కట్టాలని ఉంది. ఆ ఖర్చు ఎంతో మాత్రం ఎక్కడా రాయలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉంచాలట. నాన్న కాగితం మడిచి, "అమ్మాయ్, ఊరికే వస్తుందంటే నాకు భయమే" అన్నారు. అక్కడితో ఆ దారి మూసేశాం.

ఇక మిగిలినవి మూడు: ప్రైవేటు ట్యూటర్, బ్యాచ్ క్లాసు, సొంతంగా చదువుకోవడం. మొదట లెక్క వేసింది ట్యూటర్‌కే. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ చెప్పే అంచనా ప్రకారం ఏమీ రాని స్థితి నుంచి బీ2 చేరడానికి 600 నుంచి 800 పీరియడ్లు కావాలి. పీరియడ్ అంటే 45 నిమిషాలు. తక్కువలో తక్కువ 600 వేసుకున్నా 450 గంటలు. నేను అడిగిన ట్యూటర్లు గంటకు 500 నుంచి 800 దాకా చెప్పారు. మధ్యగా 600 అనుకుంటే 2,70,000. నా దగ్గరున్న డబ్బుకు రెండింతలకు పైమాటే. కాబట్టి మొత్తం ట్యూటర్‌తోనే చదవడమనేది నా విషయంలో కుదరని పని. ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిదైంది. కానీ దాంతో ట్యూటర్ అనే మాటనే పక్కన పెట్టేశాను. అది తప్పని ఏడాది తర్వాత తెలిసింది.

మూడు నెలల సొంత చదువు

ఖర్చు లేదు కదా అని సొంతంగా మొదలుపెట్టాను. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ల ఉచిత కోర్సు ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఏ1 నుంచి బీ1 దాకా వీడియోలు, అభ్యాసాలు అన్నీ ఉన్నాయి. అది నిజంగా మంచి కోర్సు. దానితోపాటు ఒక కోర్సు పుస్తకం, వర్క్‌బుక్ కొన్నాను. నైట్ డ్యూటీలో రౌండ్ అయ్యాక మాటలు బట్టీ పట్టేదాన్ని. మార్చి చివరికి దాదాపు 700 మాటలు వచ్చాయి.

ఏప్రిల్‌లో నేరుగా ఏ2 బ్యాచ్‌లో చేరదామని వెళ్తే, ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే మేడమ్ పది నిమిషాలు మాట్లాడించి, ఏ1 రెండో సగంలో కూర్చోమన్నారు. నాకు రోషం వచ్చింది. ఆవిడ అడిగింది ఒక్కటే: "మంచం, మాత్ర, పేషెంట్ - ఈ మూడింటికీ ఆర్టికల్స్ చెప్పు." నాకు బెట్ తెలుసు, టాబ్లెట్టె తెలుసు, పాట్సియెంట్ తెలుసు. ముందు రావాల్సిన డాస్, డీ, డేర్ మాత్రం తెలియదు. నేను మాటలన్నీ ఆర్టికల్ లేకుండానే నేర్చుకున్నాను. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి అదేదో చిన్న తోక అనుకున్నాను. జర్మన్‌లో ఆ తోక లేకపోతే విభక్తి రాదు. "పేషెంట్‌ని" అనాలంటే డేర్ కాస్తా డెన్ అవ్వాలి, మాట చివర కూడా మారాలి. ఆర్టికల్ తెలియనివాళ్లు అక్కడ చేతులెత్తేయాల్సిందే.

సొంత చదువులో అసలు చిక్కు ఇదేనని నా అభిప్రాయం. బద్ధకం గురించి అందరూ చెబుతారు గానీ నేను బద్ధకించలేదు. తప్పును మూడు నెలలు శ్రద్ధగా చదివాను. యాప్‌లో నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కితే పచ్చరంగు వస్తుంది. నోటితో చెప్పమంటే ఏం వస్తుందో దానికి తెలియదు. ఆ 700 మాటలూ ఆర్టికల్స్‌తో మళ్లీ నేర్చుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

బ్యాచ్‌లో ఏం దొరికింది

బ్యాచ్ ఆన్‌లైన్‌లోనే. వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర. పదహారు మంది. ఏ1 రెండో సగం ఆరు వారాలకు 6,000, ఏ2 పద్నాలుగు వారాలకు 14,000, బీ1 పదహారు వారాలకు 18,000 కట్టాను.

నాకు మొదటి తలనొప్పి డ్యూటీ. ఈవెనింగ్ షిఫ్ట్ పడితే ఎనిమిది దాకా వార్డులోనే. నైట్ అయితే ఏడున్నరకే బయలుదేరాలి. ఫీజు కట్టేముందు "రికార్డింగులు ఇస్తాం" అన్నారు, నేనూ సంతోషించాను. నాలుగు వారాల్లో అర్థమైంది, రికార్డింగ్ చూడటమంటే డబ్బు కట్టి సొంతంగా చదువుకోవడమేనని. ఇంకొకరు మాట్లాడుతుంటే నేను చూస్తూ కూర్చోవడం. అప్పుడు సిస్టర్ ఇన్‌చార్జ్‌ని బతిమాలుకుని నా ఈవెనింగ్‌లు మార్నింగ్‌లతో మార్పించుకున్నాను. బదులుగా ఆదివారాలు, పండగ డ్యూటీలు నేను చేశాను. ఆ ఏడాది దసరా, దీపావళి రెండూ వార్డులోనే. షిఫ్టులున్న ఉద్యోగస్తులు బ్యాచ్‌లో చేరాలనుకుంటే ఫీజు కన్నా ముందు చూసుకోవాల్సింది నెల రోస్టర్. వారంలో మూడు క్లాసులైనా నేరుగా హాజరు కాలేకపోతే ఆ డబ్బు దండగ.

రెండోది, మాట్లాడే సమయం. ఒకరోజు విసుగొచ్చి గడియారం పెట్టి చూశాను. తొంభై నిమిషాల్లో సగం మేడమ్ చెప్పడానికే పోతుంది. మిగతా 45 నిమిషాలు పదహారు మందికి పంచితే మనిషికి మూడు నిమిషాలు కూడా రాలేదు. ఏ2 ఫీజు 14,000, క్లాసులు 70, అంటే క్లాసుకు 200. మూడు నిమిషాలు మాట్లాడటానికి 200 అంటే నిమిషానికి 67 రూపాయలు. ట్యూటర్ గంటకు 600 తీసుకుని నన్ను 25 నిమిషాలు మాట్లాడిస్తే నిమిషానికి 24 రూపాయలే! ఖరీదైనదనుకున్న ట్యూటర్, మాట్లాడే పని వరకు చూస్తే బ్యాచ్ కన్నా చవక.

అలాగని బ్యాచ్ మానేయలేదు. పాఠం క్రమంలో నడవడం, వ్యాకరణం వివరించడం, హోంవర్క్ గడువు ఇవన్నీ ఆ 200లోనే వస్తున్నాయి. అవే ట్యూటర్ దగ్గర చెప్పించుకుంటే గంటకు 600 పోతుంది. పైగా బీ1, బీ2 మాట్లాడే పరీక్ష జంటగా జరుగుతుంది. పక్కన కూర్చునే అభ్యర్థి ఎవరో మనకు తెలియదు. వాళ్లు అడ్డొస్తే ఆగడం, ఆగిపోతే అందుకోవడం, మనకంటే బలహీనంగా మాట్లాడితే ఒక ప్రశ్న వేసి లాక్కురావడం, ఇవి తోటి విద్యార్థులతోనే అలవాటవుతాయి. ట్యూటర్ ఎలాంటి ముక్కల జర్మన్‌నైనా అర్థం చేసుకుంటారు. పరీక్షలో పక్కవాళ్లకు ఆ ఓపిక ఉండదు.

మాట్లాడే లోటు తీరింది హాస్టల్‌లో. మా గదిలోని మలయాళీ సిస్టర్ కూడా బీ1 చదువుతోంది. నాకు మలయాళం రాదు, తనకు తెలుగు రాదు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా జర్మన్ తప్ప ఇంకేదీ మాట్లాడకూడదని పెట్టుకున్నాం. తప్పితే పది రూపాయలు డబ్బాలో వేయాలి. ఆ డబ్బాతో నాలుగుసార్లు బిర్యానీ తిన్నాం, ఎక్కువ నా డబ్బులతోనే.

51 మార్కులు

2024 ఫిబ్రవరిలో బీ1 పరీక్ష రాశాను. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ వేర్వేరు మాడ్యూళ్లు, ఒక్కోటి వందకు. ఒక్కోదాంట్లో 60 రావాలి. నాకు చదవడంలో 77, వినడంలో 70, మాట్లాడటంలో 66 వచ్చాయి. రాయడంలో 51. మంచి సంగతేమిటంటే పోయిన మాడ్యూల్ ఒక్కటే మళ్లీ రాయొచ్చు.

బ్యాచ్ వాళ్లు "బీ1 మళ్లీ చేరితే సగం ఫీజే" అన్నారు. 9,000 అన్నమాట. పోయింది రాయడం ఒక్కటే, దానికోసం నాలుగు నెలలు మొత్తం పాఠాలు మళ్లీ వినాలా? పదహారు మంది ఉన్న క్లాసులో నేను అభ్యాసంగా రాసిన ఉత్తరాన్ని వారానికి ఒకసారి దిద్దేవారు, అదీ తప్పు కొట్టేసి పైన ఒప్పు రాయడమే. నేను చూసి సరే అనుకుని పక్కన పెట్టేదాన్ని. అప్పుడు మళ్లీ ట్యూటర్ గుర్తొచ్చారు. ఈసారి 450 గంటలకు కాదు, ఎనిమిది గంటలకు.

మొదటి ట్యూటర్‌తో డబ్బు పోగొట్టుకున్నాను. గంటకు 500, నాలుగు గంటలకు ముందే 2,000 కట్టించుకున్నారు. నా సమస్య రాయడం అని చెప్పినా పుస్తకం మొదటి పాఠం నుంచి మొదలుపెట్టారు. నాలుగు గంటల్లో నేను రాసింది ఒక్క ఉత్తరం, అది కూడా క్లాసులోనే, ఆయన ఫోన్ చూసుకుంటుండగా.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాను. ముగ్గురికి నా పాత ఉత్తరం ఒకటే ఫొటో తీసి పంపి, "ఇందులో నా ప్రధానమైన లోపం ఏమిటో చెప్పండి, చెప్పినందుకు ఫీజు ఇస్తాను" అన్నాను. ఒకరు "అన్నీ సరిచేద్దాం, చేరండి" అన్నారు. ఒకరు మొత్తం తిరగరాసి పంపారు, చాలా అందంగా ఉంది గానీ అది ఆవిడ ఉత్తరం, నాది కాదు. మూడో ఆవిడ నాలుగు వాక్యాల జవాబిచ్చారు: "క్రియ స్థానం ఐదుసార్లు తప్పింది. మిట్ తర్వాత విభక్తి మూడుసార్లు తప్పింది. మర్యాద మాట మధ్యలో మారిపోయింది. మిగతావి చిన్నవి, ఇప్పుడు వదిలేయండి." గంటకు 700 అన్నారు. ఇద్దరికన్నా ఎక్కువే, అయినా ఆవిడ దగ్గరే చేరాను.

ఆవిడ పద్ధతి ఇది. వారానికి రెండు ఉత్తరాలు నేను గడియారం పెట్టుకుని చేత్తో రాసి ముందురోజే పంపాలి. ఆవిడ ఒప్పు రాయరు. తప్పున్న లైను పక్కన ఒక గుర్తు పెడతారు: క్రియ అయితే క్రి, విభక్తి అయితే వి, మర్యాద అయితే మ. నేనే సరిచేసుకుని క్లాసుకు రావాలి. చేసుకోలేనివి మాత్రమే క్లాసులో మాట్లాడతాం. దిద్దే సమయం గంటలో కలవదు కాబట్టి 700 పెట్టిన గంట మొత్తం నేను చిక్కుకున్న చోటే ఖర్చవుతుంది.

ఒక తప్పు సంగతి చెబుతాను. "నాకు నైట్ డ్యూటీ ఉంది కాబట్టి రాలేను" అనే అర్థంలో నేను "వైల్ ఇష్ హాబె నాఖ్ట్‌డీన్‌స్ట్" అని రాసేదాన్ని. వైల్ వస్తే క్రియ వాక్యం చివరికి పోవాలి: "వైల్ ఇష్ నాఖ్ట్‌డీన్‌స్ట్ హాబె". ఈ సూత్రం నాకు ఏ2 నుంచే తెలుసు, అడిగితే చెప్పగలను, రాసేటప్పుడే తప్పుతుంది. మేడమ్ అడిగారు, "మనసులో ముందు ఏ భాషలో అనుకుంటున్నారు?" ఆలోచిస్తే ఇంగ్లీషులో. "బికాజ్ ఐ హావ్" అనుకుని అదే వరస దించుతున్నాను. "తెలుగులో అనుకోండమ్మా" అన్నారావిడ. నాకు నైట్ డ్యూటీ ఉంది కాబట్టి. క్రియ చివరే ఉంది! ఆ రోజు నుంచి వైల్, దాస్, వెన్ వచ్చిన ప్రతిచోటా తెలుగులో అనుకుని రాయడం మొదలుపెట్టాను. మూడో వారానికి ఆ గుర్తు దాదాపు కనబడలేదు. మర్యాద సంగతీ అంతే. కోర్సు నిర్వాహకుడికి రాసే ఉత్తరం జీ అని మొదలుపెట్టి మధ్యలో డైనె అని రాసేదాన్ని. "మీరు రండి, నీ పుస్తకం తీసుకురండి అన్నట్టుంది" అన్నారు. నవ్వొచ్చింది గానీ మళ్లీ చేయలేదు.

ఇవన్నీ రికార్డింగులో ఎవరో చెప్పే ఉంటారు. నా కాగితం మీద ఐదుసార్లు ఏం తప్పిందో లెక్కపెట్టి చెప్పింది మాత్రం ఆవిడే. ఎనిమిది గంటలకు 5,600 అయింది. ఏప్రిల్‌లో రాయడం ఒక్కటీ మళ్లీ రాస్తే 72.

మా చెల్లి లెక్క వేరు

అదే వేసవిలో మా పిన్ని కూతురికి వీసా కోసం ఏ1 సర్టిఫికెట్ అడిగారు. పరీక్షకు పది వారాలే ఉంది. పిన్ని ఫోన్ చేసి, "నీ బ్యాచ్‌లోనే వేయించవే" అంది. ఆ బ్యాచ్ మొదలవడానికే నెల పడుతుంది, ఆపై పన్నెండు వారాలు, ఫీజు 12,000. నేను వద్దన్నాను. తనకు ట్యూటర్‌తో వారానికి మూడు గంటలు, మొత్తం ముప్ఫై గంటలు, గంటకు 500 చొప్పున 15,000కు మాట్లాడాం. మిగతా రోజుల్లో వర్క్‌బుక్ తనే చేసుకుంది. ఏ1 మొత్తం వందకు 60 వస్తే చాలు, తనకు 81 వచ్చింది. పిన్ని, "నువ్వు మాత్రం బ్యాచ్‌లో చదివి, దానికి ట్యూటర్‌ని పెట్టించావేంటే" అని ఇప్పటికీ అంటుంది. దాని దారి చిన్నది, గడువు దగ్గరిది. నాది 450 గంటల దారి. చిన్న దారికి ఆటో కట్టించుకోవచ్చు, హైదరాబాదుకు ఆటోలో పోలేం కదా పిన్నీ అన్నాను.

బీ2లో మూడింటినీ కలిపి

బీ2కు ఏ పని ఎక్కడ చేయాలో ముందే పంచుకున్నాను. వ్యాకరణం, చర్చలు, తోటివాళ్లతో మాట్లాడటం బ్యాచ్‌లో: ఇరవై వారాలు, 26,000. ఈసారి పదిమందికి మించని బ్యాచ్ వెతికాను, అందుకే కొంచెం ఎక్కువ. రాయడంలో ఫోరమ్‌లో అభిప్రాయం కనీసం 150 మాటలు, ఆఫీసు సందేశం కనీసం 100 మాటలు, రెండింటికీ కలిపి 75 నిమిషాలు. దానికి చివరి ఆరు వారాల్లో పాత మేడమ్ దగ్గరే ఆరు గంటలు, 4,200. చదవడం, వినడం సొంతంగా. గోథే వెబ్‌సైట్‌లో నమూనా ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి, జవాబులు కూడా ఉంటాయి, దిద్దడానికి ఎవరూ అక్కర్లేదు.

నవంబరులో పరీక్ష. చదవడం 73, రాయడం 68, మాట్లాడటం 71. వినడం 57. ముప్ఫై ప్రశ్నల్లో పదిహేడు, ఒక్కటి తక్కువ! ఆ రాత్రి అన్నం తినలేదు.

ఈసారి ట్యూటర్‌కు ఫోన్ చేస్తే ఆవిడే వద్దన్నారు. "వినడానికి నాకు గంటకు 700 ఎందుకిస్తావమ్మా, నేను పక్కన కూర్చుంటే నీ చెవులు పనిచేస్తాయా?" నమూనా పత్రాలన్నీ తిరగేసి నా తప్పులు వేరు చేసి చూశాను. రెండుసార్లు వినిపించే భాగాల్లో మార్కులు బాగానే ఉన్నాయి. ఒక్కసారే వినిపించేవాటిలో పోతున్నాయి. మాటలు తెలియక కాదు, మొదటి వాక్యం పట్టుకుని ఆలోచిస్తుండగా మూడోది వెళ్లిపోతోంది. డాయిచె వెలెలో వార్తలు నెమ్మదిగా చదివేవి ఉంటాయి, పక్కనే పాఠం రాసి ఉంటుంది. అదే వార్త మామూలు వేగంతో కూడా పెడతారు. రోజూ ఒకటి మామూలు వేగంతో ఒక్కసారే విని, గుర్తున్నది తెలుగులో నాలుగు ముక్కలు రాసుకుని, ఆ తర్వాత పాఠం చూసి ఏది జారిపోయిందో గీత గీసేదాన్ని. నెమ్మది వేగం వినడం మానేశాను, అదే నా చెవికి చేటు చేసిందని నా అనుమానం. రోజుకు అరగంట, ఆరు వారాలు, పైసా ఖర్చు లేదు.

2025 జనవరి చివర్లో వినడం మళ్లీ రాశాను. 70.

డైరీలో కూడిన లెక్క ఇలా ఉంది. బ్యాచ్‌లకు 64,000. ట్యూటర్లకు 11,800, అందులో 2,000 నీళ్లపాలు. పుస్తకాలకు 3,600. మొత్తం 79,400, పరీక్ష ఫీజులు వేరు. హాస్టల్ డబ్బాలో వేసిన పది రూపాయలు లెక్కలో రాయలేదు.